బియ్యంలో ఓనమాలు: బెంగళూరు ఫ్లాట్‌లో అక్షరాభ్యాసం ఎలా చేయాలి

అక్షరాభ్యాసానికి ఏమేం కావాలో ఏ పంతులుగారిని అడిగినా వాట్సాప్‌లో జాబితా పంపిస్తారు. ఆ జాబితాలో ఉండని సంగతి ఒకటుంది. బియ్యప్పళ్ళెం ముందు పిల్లాడు ఎవరి ఒళ్ళో కూర్చోవాలి, వాడి వేలు ఎవరు పట్టుకోవాలి? మా ఇంట్లో దాని గురించి ముందు ఆలోచించలేదు. 2025 విజయదశమి ఉదయం, కిలో బియ్యం హాలంతా పడ్డాక ఆలోచించాం. మీకు ఆ ఊడ్చుకునే పని తప్పించాలని ఇది రాస్తున్నాను.

రోజూ వేళా

మనవాళ్ళకు రెండు రోజులు ప్రశస్తం. ఒకటి మాఘ శుద్ధ పంచమి, అంటే వసంత పంచమి. రెండోది విజయదశమి. బాసర గుడి కిటకిటలాడేది వసంత పంచమికి. బెంగళూరులో మాత్రం విజయదశమే సౌకర్యం, ఎందుకంటే సెలవు ఉంటుంది, ఊరి నుంచి పెద్దవాళ్ళు రాగలరు, ఆ రోజుకు వేరే ముహూర్తం చూడక్కర్లేదనే నమ్మకమూ ఉంది. ఈ రెండూ కాకుండా వేరే రోజు పెట్టుకుంటే తిథీ నక్షత్రమూ చూపించుకోవాలి. వయసు మాటకొస్తే శాస్త్రం చెప్పేది ఐదో ఏడు. ఇప్పుడు ప్లేస్కూలు పుణ్యమా అని మూడో ఏటే చేసేస్తున్నారు. మావాడికి అప్పటికి రెండేళ్ళ పది నెలలు.

వేళ దగ్గర చిన్న జాగ్రత్త. ఒంగోలు నుంచో విజయవాడ నుంచో తెచ్చుకున్న తెలుగు క్యాలెండరులో దుర్ముహూర్తం సూర్యోదయాన్ని బట్టి లెక్కకట్టినది. విజయవాడకూ బెంగళూరుకూ సూర్యోదయంలో సుమారు పన్నెండు నిమిషాల తేడా ఉంటుంది. కాబట్టి పంచాంగం బెంగళూరు సమయాలతో చూసుకోండి. ఇక్కడివాళ్ళు రాహుకాలం గట్టిగా పాటిస్తారు. కన్నడ పురోహితుల్ని పిలిస్తే ఆ గంటన్నరలో రారు. 2025లో దశమి గురువారం పడింది, రాహుకాలం మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా. మాకు ఏ ఇబ్బందీ లేకపోయింది. వీటన్నిటికంటే నేను ముందు చూసేది పిల్లాడి నిద్ర వేళ. మావాడు పదకొండున్నరకు పడుకుంటాడు, అందుకని తొమ్మిదిన్నరకు పెట్టుకున్నాం. ఆకలి మీదున్న పిల్లాడికి ఏ ముహూర్తమూ మంచిది కాదు. పూజకు ఉపవాసం పెద్దవాళ్ళు ఉంటే చాలు, వాడికి పాలో ఇడ్లీనో పెట్టేయండి.

బియ్యప్పళ్ళెం

మొదటి అక్షరం పడేది బియ్యంలోనే. అందుకని సామానులో ఎక్కువ శ్రద్ధ దీని మీద పెట్టండి.

పళ్ళెం వెడల్పుగా, అంచు కాస్త లేచి ఉండాలి. పద్నాలుగు అంగుళాల పళ్ళెమైతే కిలో బియ్యం పోస్తే సెంటీమీటరు మందాన పరుచుకుంటుంది. పన్నెండు అంగుళాలదైతే ముప్పావు కిలో చాలు. ఆ మందం ఎందుకంటే, వేలు కదిపినప్పుడు కొస పళ్ళెం అడుగు తాకాలి, గీత వెంట లోహం కనబడాలి. అప్పుడే అక్షరం అక్షరంలా ఉంటుంది. పెద్దమనసు చేసుకుని రెండు కిలోలు పోశారా, వేలు తీసిన వెంటనే పక్కనున్న గింజలు గాడిలోకి జారిపోతాయి, ‘ఓ’ రాస్తే గుంట మిగులుతుంది. మరీ పల్చగా పోస్తే గింజలు వేలితో పాటు పక్కకు పోయి, గీత అక్కడక్కడ తెగుతుంది.

తెల్లటి బియ్యం స్టీలు పళ్ళెంలో పోస్తే గీత సరిగ్గా ఆనదు. ఇత్తడి పళ్ళెమో రాగి పళ్ళెమో ఉంటే అందులో పోయండి, గీత చక్కగా తేలుతుంది. లేకపోతే స్టీలు పళ్ళెంలోనే బియ్యానికి పసుపు పట్టించండి. కిలోకి చెంచాడు పసుపు పొడిగానే వేసి చేత్తో కలిపితే చాలు. అక్షింతలకు కలిపినట్టు నీళ్ళో నెయ్యో వేశారంటే బియ్యం వేలికి అంటుకుని వస్తుంది. మామూలు సోనా మసూరి పచ్చిబియ్యం హాయిగా పనిచేస్తుంది. బాస్మతి గింజ పొడుగు, గీత అంచు గరుగ్గా వస్తుంది. ఉప్పుడు బియ్యం శుభకార్యాలకు వాడరు, బెంగళూరు సూపర్‌బజారులో సంచి మీద చూసి మరీ తీసుకోండి.

వేలితోనే రాయించండి. పసుపు కొమ్ముతో రాయించే ఇళ్ళున్నాయి, బంగారు ఉంగరంతో రాయించేవాళ్ళూ ఉన్నారు. మీ ఇంటి ఆచారం అదైతే మొదటి అక్షరం దానితో రాయించి, తరువాత వేలికి రండి. మూడేళ్ళ పిల్లల చేతిలో కొమ్ము జారుతుంది. ఉంగరం సంగతి చెప్పక్కర్లేదు, బియ్యంలో వెతుక్కోవాలి.

పలకా బలపమూ

బెంగళూరులో బలపం అడగడానికి భాష అడ్డం రాదు, కన్నడంలోనూ అది ‘బళప’. పలకను మాత్రం స్లేటు అనే అడగాలి. మల్లేశ్వరం, గాంధీ బజార్ స్టేషనరీ కొట్లలో దొరుకుతాయి. ఎక్కువ సంఖ్యలో కావాలంటే అవెన్యూ రోడ్డుకు వెళ్ళండి. పసుపు, కుంకుమ, కర్పూరం, వక్కలు లాంటివన్నీ ‘గ్రంధిగె అంగడి’ అన్న బోర్డు ఉన్న కొట్లో ఒక్కచోటే దొరుకుతాయి. దసరా ముందు రెండు రోజులూ కె.ఆర్. మార్కెట్లో పూల ధర చూస్తే గుండె జారుతుంది. చామంతులు మూడు రోజుల ముందే కొని తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పెట్టుకోవచ్చు.

పలకల్లో ఇప్పుడు మూడు రకాలు. ఒకటి రాతి పలక, మార్కాపురం పేరు చెబితే మనందరికీ గుర్తొచ్చేది. బలపం దీని మీద పలికినట్టు ఇంక దేని మీదా పలకదు, కానీ బరువు, పిల్లాడి కాలి మీద పడితే ఏడుపే. రెండోది రంగు వేసిన రేకు పలక, దాని అంచులు వేలితో తడిమి చూడండి, గీరుకునేలా ఉంటే వద్దు. మూడోది ప్లాస్టిక్కుది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని దాని మీద బలపం జారిపోతుంది తప్ప గీత పడదు. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే రాతి పలకే తెప్పించుకోండి, పూజ అయ్యేదాకా పెద్దవాళ్ళెవరో ఒకరు దాన్ని పట్టుకుంటే సరి.

కొత్త పలక మీద ఒక్కోసారి జిడ్డు పొర ఉండి బలపం జారుతుంది. ముందురోజు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. రాసి చూడాలంటే వెనక వైపు గీయండి, పిల్లాడు రాయాల్సిన వైపు ముందుగా ఎవరూ రాయకూడదని పెద్దవాళ్ళు అంటారు, వాళ్ళ మాటా దక్కుతుంది. కొత్త బలపం కొన నున్నగా ఉంటుంది కాబట్టి గచ్చు మీద నాలుగుసార్లు రుద్దితే రాసుకుంటుంది. మన చిన్నప్పుడు బడి అరుగు మీద చేసిన పనే. బలపాన్ని సగానికి విరవండి, పిల్లల పిడికిలికి పొట్టిదే పడుతుంది. రాయడం అయ్యాక వెంటనే చేతిలోంచి తీసేయాలి, తర్వాత అది వెళ్ళేది నోట్లోకే.

పలక చట్రానికి పసుపు రాసి నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టండి. రాసే జాగాలో మాత్రం పసుపు పూయకండి, అక్కడ బలపం పట్టదు.

మిగతా సామాను మామూలు పూజకు ఉండేదే. సరస్వతి పటం, దాని ముందు రెండు మూడు పుస్తకాలు, పసుపు గణపతికి ఒక తమలపాకు, దీపం, అక్షింతలు, తెల్లపూలు, కొబ్బరికాయ, అరటిపళ్ళు, తాంబూలం, నైవేద్యానికి పరమాన్నం. వచ్చిన పిల్లలకు పంచడానికి పలకా బలపాల జతలు పిల్లల లెక్క కంటే రెండు ఎక్కువ ఉంచుకోండి. అపార్ట్‌మెంటులో పిలవని పిల్లలు కూడా వస్తారు, రావాలి కూడా.

నవమి రోజు ఇక్కడ ఆయుధపూజ. సాయంత్రం చాలా ఇళ్ళలో పుస్తకాలు పూజలో పెడతారు, ఇక మర్నాడు తీసేదాకా చదవరు, రాయరు. మీ పలకనూ బలపాన్నీ ఆ రాత్రే పటం ముందు పెట్టేస్తే దశమి ఉదయం హడావిడి సగం తగ్గుతుంది.

చెయ్యి ఎవరు పట్టాలి

దీనికి ఇంటికో ఆచారం. కొందరి ఇళ్ళలో తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తనే రాయిస్తాడు. కొన్నిచోట్ల పురోహితుడు మొదటి మూడుసార్లు రాయించి తండ్రికి అప్పగిస్తారు. తాతగారు బతికుంటే ఆయనే పట్టాలనే ఇళ్ళున్నాయి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే ఇళ్ళూ ఉన్నాయి. చదువు చెప్పిన పెద్దల్ని పిలిచి రాయించడమూ పాత పద్ధతే. వీటిలో ఏదీ తప్పు కాదు. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, పిల్లాడు ఆ మనిషి ఒళ్ళో రోజూ కూర్చుంటాడా?

మా నాన్న ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేశారు. వేరే పేరు ఆలోచించే ప్రసక్తే లేదు. ఆయన ముందురోజు రాత్రి ఒంగోలు నుంచి బస్సులో వచ్చారు. మావాడు ఎనిమిది నెలలుగా ఆయన్ని ఫోనులోనే చూస్తున్నాడు. ఫోనులో తాత అంటే కేరింతలు, ఉదయం ఎదురుగా పంచె కట్టుకుని నుదుటిన విభూతితో ఉన్న తాత ఎవరో వాడికి తెలియలేదు. ఒళ్ళో కూర్చోబెట్టి చెయ్యి పట్టగానే కెవ్వుమని కాళ్ళు విదిలించాడు, పళ్ళెం తిరగబడింది. నాన్న మొహం చూడలేకపోయాను.

పావుగంట విరామం ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి వాడు నా ఒళ్ళో. వాడి వేలు నా చేతిలో, నా చెయ్యి నాన్న చేతిలో. కదిపింది నాన్నే, నేను మధ్యలో ఊరికే వెళ్ళాను. ‘శి’ దగ్గరికి వచ్చేసరికి వాడు తలెత్తి ఆయన గడ్డం చూస్తున్నాడు. పలక మీద రాసేటప్పుడు నా చెయ్యి నెమ్మదిగా తప్పించాను, వాడు గమనించలేదు. అందుకని నా సలహా ఏమిటంటే, గౌరవం ఎవరిదో వాళ్ళకే ఉంచండి, ఒడి మాత్రం పిల్లాడికి అలవాటైనవాళ్ళది ఉండనివ్వండి. ఊరి నుంచి వచ్చేవాళ్ళు వేలు పట్టేట్టయితే కనీసం రెండు రోజుల ముందు రమ్మనండి.

చెయ్యి పట్టే తీరు కూడా చెప్పాలి. పిల్లాడి వీపు మీ పొట్టకు ఆనాలి, ఇద్దరూ తూర్పు వైపే చూడాలి. ఎదురుగా కూర్చుని రాయిస్తే మీకు అక్షరం తలకిందులవుతుంది. పళ్ళేన్ని నేల మీద పెడితే పిల్లాడు ముందుకు వంగాలి, అందుకని చిన్న పీట మీద పెట్టి, వాడి పొట్ట ఎత్తుకు తెచ్చుకోండి. పీట కింద తడిగుడ్డ వేస్తే జారదు. వాడి కుడిచేతి చూపుడువేలిని మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, గోరు దాటాక వచ్చే కణుపు దగ్గర పట్టుకోండి. మిగతా వేళ్ళు మీ అరచేతిలో ముడుచుకుని ఉంటాయి. మణికట్టు బిగించి పట్టారంటే వాడు వెనక్కు లాగుతాడు, మీరు ముందుకు లాగుతారు, ఆ గుంజులాటలో పడ్డ గీతను ఏ భాషవాళ్ళూ చదవలేరు. చెయ్యి వదులుగా మీతో వస్తుంటే వాడు ఒప్పుకున్నట్టు. వేలు కర్రలా బిగిసిందంటే ఆ అక్షరం పూర్తిచేసి ఆగండి.

వారం ముందు నుంచి పళ్ళెంలో రవ్వ పోసి ఆడించండి. అక్షరాలు రాయించొద్దు, గీతలూ సున్నాలూ చాలు. వేలు పట్టించుకోవడం అలవాటవుతుంది, పెద్దవాళ్ళకూ అభ్యంతరం ఉండదు.

ఎడమచెయ్యి ముందుకు చాపే పిల్లలుంటారు. ఆచారం ప్రకారం కుడిచేత్తో ఒకసారి రాయించండి. పలక దగ్గర వాడు బలపం ఏ చేత్తో అందుకుంటే ఆ చేత్తో గీయనివ్వండి, అక్కడ యుద్ధం వద్దు.

ఆ ఉదయం వరస

తలంటి పోసి కొత్తబట్టలు వేయండి. కొత్త చొక్కా అంటే గంజి పెళపెళలాడేది వద్దు, ఒకసారి ఉతికింది వేయండి, మెడ దగ్గర గుచ్చుకుంటే ఏడుపుకి అదే కారణం అవుతుంది.

పూజ పెద్దది, పిల్లాడి ఓపిక చిన్నది. గణపతి పూజ, సంకల్పం, సరస్వతీ పూజ అన్నీ తల్లిదండ్రుల్లో ఒకరు కూర్చుని ముందే కానివ్వండి. ఇంకొకరు పిల్లాణ్ణి లోపలి గదిలో ఆడించాలి. గోత్రం, పేరు చెప్పే వేళకు ఒక్క నిమిషం తెచ్చి అక్షింతలు వేసి తీసుకెళ్ళిపోవచ్చు. పంతులుగారికి ఈ మాట ముందే చెప్పండి, ఆయన కాదనరు. దశమి నాడు ఆయనకు ఇంకో నాలుగిళ్ళు ఉంటాయి, ఆయనకూ తొందరే.

పిల్లాణ్ణి పళ్ళెం దగ్గరకు తెచ్చే ముందు దీపాన్ని రెండు చేతుల దూరం జరపండి. అగరువత్తుల పొగ మొహాన కొట్టకుండా కిటికీ వైపు పెట్టండి. ఇప్పుడు ‘సరస్వతి నమస్తుభ్యం’ శ్లోకం. రెండు పంక్తులే, వాడితో ముక్కలు ముక్కలుగా చెప్పించండి, రాకపోతే మీరు చెప్పండి.

రాయించేది ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’. మన ఓనమాలు అనే మాట పుట్టింది ఇందులోంచే. వైష్ణవుల ఇళ్ళలో నారాయణ మంత్రం రాయిస్తారు. పక్క ఫ్లాట్‌లో మలయాళీలుంటే వాళ్ళు ‘హరి శ్రీ గణపతయే నమః’ రాయిస్తారు, వాళ్ళ విద్యారంభమూ దశమి నాడే. కన్నడ పురోహితులు వస్తే వాళ్ళ లిపిలో వేసినా ఈ అక్షరాలు తలకట్టు దగ్గర తప్ప మనవాటికి పెద్ద తేడాగా ఉండవు. అయినా తెలుగులోనే కావాలనుకుంటే ముందే చెప్పుకోండి.

మంత్రంలో పది అక్షరాలు. అన్నీ ఒకేసారి పళ్ళెంలో పట్టించాలని చూస్తే అక్షరాలు చీమల్లా అయిపోతాయి, పిల్లాడి వేలు అంత చిన్నగా తిరగదు. ‘ఓం’ ఒక్కటే పళ్ళెమంతా రాయించండి. పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపితే బియ్యం చదును అవుతుంది. తర్వాత ‘నమః’, మళ్ళీ చదును, ‘శివాయ’, మళ్ళీ చదును, ‘సిద్ధం’, చివరికి ‘నమః’. ఒక్కో అక్షరం రాస్తూ పైకి పలకాలి, వేలు ఆగినప్పుడు మాటా ఆగాలి. ‘ద్ధం’ దగ్గర ఒత్తు కోసం పళ్ళెం కింది భాగాన జాగా వదులుకోండి, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు.

‘మః’ చివరి రెండు సున్నాల దగ్గర చెయ్యి వదిలేసి చూడండి. బియ్యంలో వేలు గుచ్చితే సున్నా తయారు. మావాడు మొదటిసారి నేను గుచ్చిస్తే ఊరుకున్నాడు, రెండో ‘నమః’ దగ్గర నా వేళ్ళు విదిలించుకుని తనే టుక్కు టుక్కుమని రెండు గుచ్చాడు. ఆపకుండా ఇంకో ఏడు కూడా గుచ్చాడు. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మంత్రం మూడుసార్లు రాయించాలంటారు. పిల్లాడు సరదాగా ఉంటే మూడుసార్లూ కానివ్వండి. మొదటిసారికే మొహం మారితే బియ్యంలో ఒకసారి, పలక మీద ‘ఓం’ ఒకటి రాయించి ఆపేయండి, మిగతా రెండుసార్లు తండ్రి తన వేలితో రాసి పూర్తిచేయవచ్చని మా పంతులుగారు చెప్పారు. ఆ తర్వాత నాయనమ్మ, అమ్మమ్మ, పెద్దనాన్న వరసగా తలా ఒకసారి రాయిస్తామని వస్తారు. వాళ్ళ సరదా అర్థమవుతుంది గాని ఇద్దరు దాటాక పిల్లాడికి విసుగు పుడుతుంది. మిగతావాళ్ళను అక్షింతలు వేసి దీవించమనండి. ఫోటోల కోసం మళ్ళీ మొదటినుంచి రాయించడం మాత్రం వద్దు.

రాయించిన చేతికి దక్షిణ ఉంటుంది. పిల్లాడి చేత తాంబూలం, పండు, మీ శక్తికొద్దీ దక్షిణ ఇప్పించి కాళ్ళకు దణ్ణం పెట్టించండి. సొంత తాతగారైనా సరే, ఆ పూటకు ఆయన గురువు. తర్వాత హారతి, పలకల పంపకం. మొదటి పలక పిల్లాడి చేతే ఇప్పించండి, రెండోది ఇవ్వడానికి ఒప్పుకోడు, అది మీరే ఇచ్చుకోవాలి.

వాడు రాసిన పలకను మా ఇంట్లో ఆ రోజు చెరపలేదు, రాత్రి దాకా పటం ముందే ఉంచాం.

ఇక బియ్యం. దాన్ని పారబోయకూడదు, రోజూ వాడే డబ్బాలో కలపకూడదు. పూలరేకులు, కుంకుమ పడ్డ గింజలు ఏరేసి, కడిగి, ఆ పూటే వండి ఇంట్లోవాళ్ళంతా తినాలి. పసుపు కలపకపోతే పరమాన్నానికే పనికొస్తుంది. పసుపు కలిపినదైతే పులిహోర చేయండి, రంగు ముందే ఉంది కాబట్టి పోపులో పసుపు తగ్గించాలి. మా కిలో బియ్యంలో సోఫా కింద దొరికినవి పోగా ముప్పావు కిలో మిగిలింది. పక్కింటి కన్నడ ఆంటీకి గిన్నెడు పంపితే ‘పుళియోగరె చెన్నాగిదె’ అన్నారు. చింతపండు ఇంకొంచెం పడాల్సిందని మా నాన్న అన్నారు.